ఫోనుకు చల్లిన పసుపు నీళ్లు

నారాయణపేటల మా ఇంటికి ఫోను వచ్చినప్పుడు మా గల్లీలో ఇంకెవ్వరికీ లేదు. తొంభైల నడుమ మాట అది. నల్లటిది, బరువైనది, వేలు పెట్టి నంబరు తిప్పేది. మా ఆయన చీరల దుకాణం కోసం పెట్టించిండు గానీ పొద్దంతా దానికి కావలి నేనే. నేను బడికి పోయినదాన్ని కాదు. మా బాపు ఇంట్లనే పలక మీద దిద్దించిండు. అక్షరాలు వచ్చినయి గానీ మిషన్ల సంగతి నాకేం తెలుస్తది? దూరం మనిషి గొంతు తీగల్లకెల్లి వస్తాందంటే అది దేవుని దయే అనుకున్న. ఇప్పటికీ కొంత అట్లనే అనుకుంటా.

మా ఎదురింట్ల ఒక ముసలమ్మ ఉండేది. నేను ఖాలా అని, అంటే చిన్నమ్మ అని, పిలిచేదాన్ని. భర్త లేడు, ఉన్న ఒక్క కొడుకు షోలాపూర్‌ల మగ్గాల కార్ఖానలో పనికి పోయిండు. శుక్రవారం నమాజు కాంగనే ఆ పిల్లగాడు అక్కడి బూతుకెల్లి మా ఇంటికి ఫోను చేసేవాడు; మేము తిరిగి చేద్దామంటే నంబరు లేదు. ఖాలా గంట ముందే వచ్చి, మోకాళ్లు పట్టుకొని మా గడప పక్కన కూర్చునేది. వారానికి ఆ రెండు నిమిషాలే ఆమెకు కొడుకు.

శుక్రవారం నాకు లక్ష్మీపూజ. ఆ పొద్దు పూజ అయినంక గడపకు, బీరువాకు, మా ఆయన కత్తెరకు బొట్లు పెట్టుకుంట వచ్చి ఫోను ముందర ఆగిన. ఇన్ని మంచి మాటలు మోసుకొచ్చేదానికి ఒక బొట్టన్న పెట్టకపోతే ఎట్ల అనిపించింది. చేతిల పట్టుకునేదాన్ని తీసి వెల్లకిల పండబెట్టిన. రెండు కొసలకు రెండు గుండ్రటి మొఖాలు, చిల్లులు చిల్లులు. మాట్లాడే దిక్కు ఎంగిలి గదా, దాన్ని ముట్టుకోలేదు. చెవికి పెట్టుకునే దిక్కు తడి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకుతోటి నీళ్లు చల్లి దండం పెట్టుకున్న. కొన్ని నీళ్లు ఎక్కువనే పడ్డయి. కొంగుతోటి పైపైన అద్ది మళ్లీ దాని జాగల పెట్టిన.

మధ్యాహ్నం గంట మోగింది. ఖాలా ఎప్పటిలెక్క "బేటా" అన్నది. అని ఆగిపోయింది. మొఖం తెల్లగ పాలిపోయింది. నా దిక్కు చూసి, "ఎవరో మాట్లాడుతున్నరు బిడ్డా, నా కొడుకు కాదు" అన్నది. నేను తీసుకొని విన్న. బానల తల పెట్టి మాట్లాడినట్టు, దగ్గు అడ్డం పడ్డట్టు, గరగర. మాట అందుతాంది, అందుతలేదు. ఖాలా మళ్లీ గుంజుకొని, ఏమైందిరా, జ్వరమా, దవాఖానల ఉన్నవా అని ఏడ్సుకుంట అడిగింది. అవతల ఏదో గట్టిగ అన్నడు. గట్టిగ అంటే గొంతు ఇంకా పగిలింది. అంతల లైను పోయింది.

ఖాలా ఇంక ఎవరి మాటా వినలేదు. కొడుక్కు ప్రాణం మీదికి వచ్చింది, దోస్తులు దాస్తున్నరు, రేపు ఒంటిగంట బస్సుకు పోతా అన్నది. గడప దాటాలంటేనే గోడ పట్టుకునే మనిషి. ఒక్కతి అంత దూరం ఎట్ల పోతది? పోయినా ఆ ఊర్ల ఏ గల్లీ అని వెతుకుతది? పిల్లగానికి నిజంగనే బాగలేదా? లైను ఖరాబైందా? లేక నేను చేయరాని పూజ చేసిన్నా? నీళ్ల సంగతి మనసుల మెదిలింది గానీ నోరు రాలేదు. చిల్లులల్ల నోటితోటి గట్టిగ ఊదిన. ఏం మారలేదు. పొయ్యి పక్కన పెట్టి కాపుదామా అని తీగ ఎంతదాక వస్తదో కూడ చూసిన. దేవుడు కాపాడిండు, అంతదాక రాలేదు.

మా ఆయన బజార్ల ఉండే ఫోను లైనుమన్‌కు చెప్పి వచ్చిండు. తెల్లారి అతను వచ్చేసరికి ఖాలా సద్దిమూట ఒళ్లె పెట్టుకొని మా గడప దగ్గరనే కూర్చున్నది. నిన్న గొంతు ఎట్ల వచ్చిందో చెప్పినం, నీళ్ల సంగతి మాత్రం నేను దాచిన. అతను చెవికి పెట్టుకొని విని, నాకు ఇచ్చిండు.

"నంబరు తిప్పకముందు వచ్చే రొద ఉంటది గదా చెల్లె, అది విను. ఎట్లుంది?"

విన్న. అది కూడ బానలకెల్లి వస్తాంది.

"మరి దానికి కూడ జ్వరం వచ్చిందా?" అన్నడు నవ్వుకుంట. "పిల్లగాని గొంతు కాదు, మీ ఫోను చెవే మూసుకపోయింది."

ముందుగాల గోడ పెట్టెలకెల్లి తీగ విప్పిండు. విప్పకుంటే, చెయ్యి లోపలుండంగ గంట వస్తే ఝల్లుమంటదట. చెవి దిక్కు మూత తిప్పి తీస్తే మూత లోపల పసుపు బురద, చిల్లులల్ల కుంకుమ. నాకు భూమిలకు పోయినట్టైంది. అతను లోపలి గుండ్రటి డబ్బీని చిల్లులు కిందికుండేటట్టు పట్టుకొని మెల్లగ తట్టిండు. రెండు మూడు చుక్కలు రాలినయి. అందుల పలుచటి రేకు ఉంటదట, అది వణికితేనే మాట. తడి అంటుకుంటే వణకనియ్యదు. నేను ఊదిన అని చెప్తే, ఊదితే తడి ఇంకా లోపలికి పోతదన్నడు. పొయ్యి సంగతి చెప్తే తల పట్టుకున్నడు. కాపితే రేకు, మూత రెండూ వంకరపోతయి, ఎండల గూడ పెట్టొద్దు, నీడకు గాలికి ఆరనియ్యి, నేను పన్నెండు దాటినంక వస్తా అని పోయిండు.

పీట మీద శుభ్రమైన బట్ట పరిచి మూత, డబ్బీ రెండూ ఆరబెట్టినం. ఖాలా వాటినీ, గోడ గడియారాన్నీ చూసుకుంట కూర్చున్నది. నేను పక్కన కూర్చొని మనసుల దేవుని పేరు తలుచుకున్న. ఏమని మొక్కాలె? ఫోను బాగుకమ్మనా, పిల్లగాడు బాగుండాలనా? రెండూ కలిసిపోయినయి.

అతను వచ్చి కలిపి విన్నడు. తడి పోయింది గానీ రొద ఇంకా సన్నగ, మూసినట్టే ఉన్నది. అతనే మళ్లీ మూత విప్పి, ఎండిన పసుపును పొడి మెత్తటి బ్రష్షుతోటి, మూతను బోర్లించి, ఒక్కొక్క చిల్లే దులిపిండు. తడిగుడ్డ పెట్టలేదు. మళ్లీ బిగించి తీగ కలిపినంక ఆ రొద ఎప్పటిలెక్క సాఫుగ వచ్చింది. ఖాలా చెవి దగ్గర పెట్టిన.

ఆమె విని, "దీని గొంతు బాగైంది. నా కొడుకుది?" అన్నది. మూట పట్టుకొని లేసింది. బస్సుకు ఇంక కొంచెం సేపే ఉన్నది.

అప్పుడు గంట మోగింది. పిల్లగాడే. మాట్లాడే దిక్కు నీళ్లు పడలేదు గనుక నిన్న తల్లి ఏడుపు అతనికి సక్కగ వినపడిందట. అమ్మకు ఏమైందో అని రాత్రంతా నిద్ర లేదట, పని వదిలిపెట్టి ఫోను చేస్తున్నడు. ఖాలా కండ్లు మూసుకొని విన్నది. మళ్లీ మాట్లాడు, ఇంకోసారి మాట్లాడు అన్నది. తర్వాత, పని ఎందుకు వదిలినవురా గాడిదా అని తిట్టింది. ఆ తిట్లతోటి నాకు పానం లేసొచ్చింది.

పెట్టేసినంక నేను ఆమె చేతులు పట్టుకొని చెప్పిన. "ఖాలా, నీళ్లు చల్లింది నేనే. నిన్ననే చెప్పాల్సి ఉండె."

ఆమె "చెప్పుంటే ఇరవై రొట్టెలు చేయకపోదును గదనే" అన్నది. సద్దిమూట విప్పి లైనుమన్‌కు, నాకు చెరి నాలుగు జొన్నరొట్టెలు, మీద పల్లీ తొక్కు పెట్టింది.

తర్వాతి శుక్రవారం బొట్టు ఫోను కింది పీటకు పెట్టిన. నీళ్లు చల్లలేదు. ఖాలా గడప దగ్గర కూర్చొని అది చూసి నవ్వింది.