గంట కొట్టినప్పుడల్లా

మా వదిన కలకత్తా ఖిదిర్‌పూర్‌లో చిన్నపిల్లలకు పాఠాలు చెబుతుంది. వేసవిలో మా తెలుగు చర్చి హాల్లో వారం రోజుల క్యాంపు పెట్టాలన్న ఆలోచన ఆమెదే. నాకు దక్కింది గంట కొట్టే ఉద్యోగం.

రోజుకో అంశం అనుకున్నాం. మొదటిరోజు నది, మర్నాడు గాలి. ఆరేడేళ్ళ వాళ్ళు, ఎనిమిదేళ్ళ వాళ్ళు, తొమ్మిది పదేళ్ళ వాళ్ళు, మూడు జట్లు. హాల్లో మూడు మూలలు: కథ, చేతిపని, ఆట. గంట వినగానే ప్రతి జట్టూ పక్క మూలకు జరగాలి. భోజనాలయ్యాక మాత్రం అందరికీ చాపలే. ఆ సమయంలో పాటలు నేర్పిద్దామంటే వదిన ఒప్పుకోలేదు.

"ఈ ఎండకి నిద్దరోకపోయినా పరవాలేదు, ఒళ్ళు వాల్చాల," అంది.

మొదటిరోజే ఓ ఆరేళ్ళ పిల్ల మా పరువు తీసింది. గంట కొడితే చాలు, ఏడుపే. దాని తొమ్మిదేళ్ళ అన్న పెద్ద జట్టులో ఉన్నాడు. తండ్రి ఓడ మీద, తల్లి ఆసుపత్రిలో నర్సు. పొద్దున దింపుతూనే ఆవిడ చెప్పేసింది: "అక్కా, ఇది ఉండనంటే ఇద్దర్నీ మానిపించీడమే. ఇంటికాడ దీన్ని ఆడే సూసుకోవాల."

పాపం ఆ పిల్లాడు, చెల్లెల్ని ఊరుకోబెట్టడంతోనే సరిపోయి నది బొమ్మలో పడవ కూడా పూర్తిచేయలేదు. నాకు ఒళ్ళు మండింది. దాన్ని అన్న జట్టులోనే పడేయమన్నాను.

"పెద్దోళ్ళు కత్తెర్లట్టుకుంటే ఇది ఏటి సేత్తాది? సూత్తా కూకుంటాది," అంది వదిన.

చాపల వేళ పిల్ల అన్న చొక్కా పట్టుకుని పడుకుంది. వదిన నేలమీద మూడు జట్లకీ మూడు ఖాళీ మట్టికప్పులు పెట్టి తిప్పుతూ కూర్చుంది.

"సూడమ్మాయ్. పెద్దోళ్ళు లేచిన సోటికే సిన్నోళ్ళు ఎల్తన్నారు. గంట కొట్టినప్పుడల్లా అది సూత్తంది అన్న ఎల్లిపోడమే. దిక్కు మార్సీద్దాం."

అంతే. జట్లు మారలేదు, మూలలు మారలేదు. మర్నాడు అందరూ ఎదురు దిక్కున తిరిగారు. ఇప్పుడు గంట కొడితే అన్న పిల్ల ఉన్న మూలకే వస్తున్నాడు. పిల్ల లేస్తూ లేస్తూ తన పీట మీద దుమ్ము దులిపి, "దాదా, ఇక్కడ కూకో," అని బెంగాలీ పిల్లల్లా అన్నను పిలిచి చెప్పి మరీ వెళ్ళింది. ఏడుపు లేదు. వదిన మీద నాకు ఎంత గౌరవం కలిగిందో మాటల్లో చెప్పలేను. సాయంత్రం తల్లి వస్తే ఆ పిల్లే ఎదురెళ్ళి, రేపు కూడా వస్తానంది.

వారం చివరికొచ్చాక ఓ రోజు గంట కొట్టాను. పిల్ల స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, వెనక్కి చూడకుండా ఆట మూలకు పరిగెత్తింది. అన్న వచ్చి పీట పక్కనే నిలబడిపోయాడు. కాసేపు ఆట మూలవైపు చూసి, దుమ్ము తనే దులుపుకుని కూర్చున్నాడు.