‘అయితే’ దాకా చదవని న్యాయనిర్ణేత

భావనపాడులో కొన్న పీత ఒకటి సంచీలోంచి దిగి, మా ఇంటి తలుపు గొళ్లెం తీసి, నాకంటే ముందు వంటింట్లోకి నడిచిందని టెక్కలి బస్సులో చెప్పి నమ్మించినవాణ్ణి నేను. పిల్లలకు తెలుగు చెప్పడం నా ఉద్యోగం, కథలు అల్లడం నా జబ్బు. నేను నోరు తెరిస్తే నలుగురూ ముందే నవ్వడం మొదలెడతారు. ఆ నవ్వు నాకు ఆస్తి అనుకునేవాణ్ణి.

కిందటేడాది పలాసలో ఒక గ్రంథాలయం వాళ్లు కాలేజీ పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టారు. జీడిపిక్కలు కొట్టే పనికి పూర్తిగా యంత్రాలు రావాలా, వద్దా అన్నది విషయం. రావాలన్నవాళ్లలో ఒకరిని, వద్దన్నవాళ్లలో ఒకరిని ఎంచి టెక్కలిలో వాదనకు నిలబెడతారు. ఎంచే పని నాది.

నాకొక పద్ధతుంది. మొదటి పేరా, చివరి పేరా చదివి వ్యాసాన్ని కుడివైపో ఎడమవైపో పడేస్తాను. ఆ తర్వాత చేతిరాత, వాక్యం నడక చూసి మంచిది ఏరుతాను. ఇన్నేళ్లూ అలాగే గడిచిపోయింది.

ఒకమ్మాయి వ్యాసం ఇలా మొదలైంది: ‘యంత్రం వస్తే అమ్మ వేళ్లకు జీడి రసం అంటదన్నది నిజమే. పని తొందరగా తెములుతుందన్నదీ కాదనలేం.’ చివర ఇలా ఉంది: ‘యంత్రం మీద నాకు పగ లేదు. ఆ మాట దొరికాక అది మా ఊరికి రావాలి కూడా.’ బ్రహ్మాండం అనుకున్నాను. రావాలన్నవాళ్ల వైపు పడేసి, ఆ వైపు మొదటి బహుమతి రాసేశాను. ‘ఆ మాట’ అంటే ఏ మాటని ఆగి నన్ను నేను అడిగి ఉంటే సరిపోయేది. ఆగలేదు.

బహుమతుల రోజు హాలు నిండింది. ఆ అమ్మాయి తల్లి వచ్చింది. జీడిమిల్లులో పిక్కలు కొట్టే షెడ్డులో పనిచేసే మనిషి. తోటి ఆడవాళ్లను కూడా పూట పని మానిపించి తీసుకొచ్చింది. వాళ్లంతా మూడో వరసలో కూర్చున్నారు. మైకు అందగానే నా జబ్బు తిరగబెట్టింది.

“ఈ పాప రాసింది వింటే మీ కొట్టుడు కర్రలన్నీ రేపే సముద్రంలో పారేస్తారు. చేపలు వాటితో కోలాటం ఆడతాయి. యంత్రం రావాలంటోంది పాప. వాళ్లమ్మకు విశ్రాంతి కావాలట!”

హాలు నవ్వింది. మూడో వరస నవ్వలేదు. ఆ వరసలో ఒక పెద్దావిడ అమ్మాయి తల్లి వైపు తిరిగి గట్టిగానే అంది: “ఓలమ్మ! మన కూడు తీసీమని రాసినాదేటే నీ గుంట? దీనికేనేటి మమ్మల్ని తీసుకొచ్చినావు?”

తల్లి తల దించుకుంది. అమ్మాయి బహుమతి పుచ్చుకోకుండా నా పక్కకొచ్చి నెమ్మదిగా అడిగింది. “సార్, మద్దెనున్నది సదివేరా?”

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది. చదవలేదమ్మా అని అప్పుడే ఒప్పుకుంటే అయిపోయేది. నేను కన్నుగీటి, “అదంతా టెక్కలికి దాచానమ్మా!” అన్నాను. మళ్లీ నవ్వులు. అమ్మాయి బహుమతి బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

హాలు ఖాళీ అయ్యాక ఆ మధ్య భాగం చదివాను. కుర్చీలో కూర్చోలేకపోయాను.

‘అయితే ఈ లాభాలన్నీ పిక్కకూ పప్పుకూ సంబంధించినవి. పిక్క కొట్టే మనిషి ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. జీడి రసానికి చేతులు కాలకుండా తొడుగులివ్వడానికి యంత్రం దాకా ఆగక్కర్లేదు. ఆడవాళ్లకు యంత్రం నడపడం రాదంటారు. మా వీధిలో కుట్టుమిషన్లు నడిపేది ఎవరు? యంత్రం నడిపే పని ముందు మా అమ్మలాంటివాళ్లకు నేర్పి, వాళ్లకే ఇస్తామని మాట ఇవ్వాలి. అంతవరకూ యంత్రానికి నేను ఒప్పుకోను.’

‘నిజమే’ అన్నది ఎదుటివాళ్లకు ఇచ్చిన మర్యాద. ‘అంటారు’ అన్నచోట నోరు వాళ్లది, జవాబు ఈ పిల్లది. తన మాట ‘అయితే’ దగ్గర మొదలై ‘ఒప్పుకోను’ దగ్గర నిలబడింది. చివరి పేరాలోని ‘రావాలి’ కూడా ఆ షరతుకు కట్టేసి ఉంది. ఏటా నేను తరగతిలో చెప్పే పాఠమే ఇది. ఎదుటివాడి బలాన్ని ఒప్పుకుని మరీ వాదించినవాడి మాట గట్టిగా నిలుస్తుందని బోర్డు మీద రాయిస్తాను. ఆ పిల్ల అది చేసి చూపిస్తే, ఒప్పుకున్న ముక్కను పట్టుకుని అదే తన అభిప్రాయమని ఊరంతా చాటాను.

మర్నాడు షెడ్డుకు వెళ్లాను. ఆడవాళ్లు వరసగా కూర్చుని పిక్కలు కొడుతున్నారు. అమ్మాయి తల్లికి రెండు వైపులా జాగా ఖాళీగా ఉంది. నన్ను చూసి ఆమె చెయ్యి ఆగింది. ఒక్కతే కూర్చున్న ఆ మనిషి ముందుకెళ్లి నిలబడ్డాను.

“తప్పు నాది. మీ అమ్మాయి యంత్రం వెంటనే రావాలని రాయలేదు. ముందు మీకు పని నేర్పి, మీకే ఇవ్వాలంది. నేను సగమే చదివాను,” అన్నాను.

పెద్దావిడ కర్ర పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “బావూ, నిన్న సేపల కోలాటం సెప్పినావు. ఇయాల ఇదేటి కొత్త కత? గుంట ఏడిసిందని పాపం అల్లీసినావు. నీ నోట ఏది నిజమో మాకేటి తెలుస్తాది?”

అందరూ నవ్వారు. నేను అబద్ధం చెబితే నమ్మేవాళ్లు ఉన్నారు. నిజం చెబితే లేరు. కాగితం తీసి చదవబోయాను. మొదటి వాక్యంలో ‘నిజమే’ వినగానే, “అదిగో, నిజమేనని రాసినాది కదేటి!” అని పక్కావిడ అందుకుంది. నిన్న నేను ఆగిపోయిన చోటే వాళ్లూ ఆగారు. వాళ్లకు ఆ దారి చూపించింది నేనే.

అప్పుడు తల్లి లేచి ఇంటికెళ్లి అమ్మాయిని తీసుకొచ్చింది. అమ్మాయి నా ముఖం చూడకుండా కాగితం తీసుకుంది.

“పెద్దమ్మా, ముందు మిల్లోళ్ల మాటలు సదువుతాను. అవి నా మాటలు కావు. ‘అయితే’ అన్నాక నా మాట. అప్పటిదాకా తిట్టకు.”

“తిట్టనులే, సదువు.”

అమ్మాయి ‘నిజమే’, ‘కాదనలేం’ అన్నవి మెల్లగా చదివింది. ‘అయితే’ దగ్గర తలెత్తింది. ‘ఒప్పుకోను’ వచ్చేసరికి షెడ్డులో కర్రల చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. పెద్దావిడ లేచి తల్లి పక్కనున్న ఖాళీలో తన పీట వేసుకుంది. “మిషను మన సేతికే ఇవ్వాలని రాసినాదా! అది ముందే సెప్పొద్దేటే, సిన్నదానా!” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “మాకు తెలిసింది సరే. నువ్వు మైకు పట్టుకుని అందరికీ సెప్పినావు. మైకు పట్టుకునే తప్పని సెప్పు. కతలేటీ వొద్దు.”

నేను గ్రంథాలయం వాళ్లకు చెప్పాక, టెక్కలి వాదన రోజు అమ్మాయిని వద్దన్నవాళ్ల వైపు కూర్చోబెట్టారు. ఆమెను పరిచయం చేయడానికి నేను లేచాను. “పలాసలో ఈ అమ్మాయి అభిప్రాయాన్ని నేను తలకిందులుగా చెప్పాను. ఎందుకంటే వ్యాసం పూర్తిగా చదవలేదు,” అన్నాను.

హాలంతా ఫక్కున నవ్వింది. వెనకనుంచి ఎవడో, “మాస్టారు మొదలెట్టీసేరు! తర్వాత పీత వస్తాది సూడండి!” అని అరిచాడు.

నవ్వు ఆగుతుందని చూశాను. ఆగలేదు. అదే వాక్యం రెండోసారి చెప్పాను. మరింత నవ్వారు. మూడో వరసలో షెడ్డు ఆడవాళ్లు మాత్రం నవ్వకుండా నన్నే చూస్తున్నారు. చెవులు మండిపోతుంటే మైకు అమ్మాయి చేతిలో పెట్టి, కిందకు దిగి వెనక గోడ పక్కన నిలబడ్డాను.

“యంత్రం వస్తే అమ్మ వేళ్లకు జీడి రసం అంటదన్నది నిజమే,” అని ఆమె మొదలుపెట్టింది. హాలు నెమ్మదిగా సద్దుమణిగింది. నేను ‘అయితే’ కోసం ఆగాను.