శుక్రవారం నైట్ అంటే ఏ రాత్రి?

మా ఆవిడ పదో తరగతి అన్నీ పాసై ఒక్క లెక్కల్లో ఆగిపోయింది. పెళ్లి, ఆ వెంటనే పాప, ఇక చదువెక్కడ? అయినా పట్టు విడవలేదు. అంతకు ముందుసారి విజయనగరంలో పరీక్ష రాస్తూ, బయట వరండాలో వాళ్ల పిన్ని చేతిలో పాప గుక్కపట్టి ఏడుస్తుంటే సగంలో పేపరిచ్చేసి వచ్చేసింది. ఆ పిల్లకి వాళ్లమ్మా నేనూ తప్ప ఎవరెత్తుకున్నా ఏడుపే. "ఈపాలి నువ్వు పాపనట్టుకుని బయట కూకుంటానంటేనే రాత్తాను. నేదంటే ఇదే ఆఖరు, మరి పుస్తకం ముట్టను" అంది. అన్నమాట నిలబెట్టుకునే మనిషి. నాకదే భయం.

పరీక్ష శుక్రవారం పొద్దున్న. లక్ష్మివారం సాయంత్రమే బస్సెక్కి పిన్ని ఇంటికి చేరాలి. నాకేమో ఆ వారం నైట్ డ్యూటీ, రాత్రి పదికి ఎక్కి తెల్లారి ఆరింటికి దిగడం. పోర్టులో ఇనుప ఖనిజాన్ని ఓడలకి మోసే బెల్టుల దగ్గర పని నాది. ఒక బెల్టు మీది రాయి ఇంకో బెల్టు మీద పడే చోట ఒక మనిషి కాపలా ఉండి తీరాలి. రాయి అడ్డం పడితే బెల్టు చీరుకుపోతుంది. అందుకే తర్వాతి షిఫ్టువాడు రాకుండా ముందు షిఫ్టువాడు ఆ చోటు వదలకూడదు.

నాకు ముందు షిఫ్టువాడు, అంటే మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా అక్కడే నిలబడేవాడు, ఆనందపురం దగ్గరి పల్లె నుంచి వచ్చి మల్కాపురంలో మా వెనక వీధిలో ఉండేవాడు. బావా అంటే బావా అనుకునేవాళ్లం. సోమవారం రాత్రి పదికి వాడు నాకు చోటు అప్పగిస్తుంటే అడిగాను.

"బావా, శుక్రారం నైట్ నా బదులు నువ్వు సెయ్యాల. ఉత్తినే కాదు. పై మంగళారం నీది పొద్దుటి డూటీ, నాకు వీక్లీ ఆఫ్. నీ బదులు నానెక్కుతాను."

వాడి ముఖం వెలిగిపోయింది. పై మంగళవారం వాళ్ల ఊళ్లో అమ్మోరి పండగ. "శుక్కురారం నాకు ఆఫే బావా. పగలంతా తొంగుని రేత్రికొచ్చీనా? అలగే, ఖాయం" అన్నాడు. ఇద్దరం కలిసి ఇన్‌చార్జి చెవిన వేశాం. ఆయన "ఎవరో ఒకరు ఉంటే చాలయ్యా" అని తల ఊపాడు. ఏ తేదీ అని ఆయనా అడగలేదు.

లక్ష్మివారం మధ్యాహ్నం పాపకి బిస్కెట్లు కొందామని బజారుకెళ్లాను. వాడు క్యారేజీ తగిలించుకుని సైకిల్ మీద డ్యూటీకి పోతూ ఆగాడు.

"రేపు రేత్రికి నాను సూసుకుంటాను బావా, నువ్వేటీ బెంగెట్టుకోకు."

"రేపేటి? ఈ రాత్రి కదేటి!"

"శుక్కురారం నైట్ అన్నావు కదా. ఇయాల లచ్చివారం."

తప్పు నాదే. ఆ బెల్టుల దగ్గరికి రాకముందు నేను ఓడలు ఆగే జట్టీ మీద క్రేన్ల దగ్గర ఉండేవాణ్ణి. అక్కడ ఏ రోజు తెల్లారి దిగితే ఆ రోజు నైటు. లక్ష్మివారం రాత్రి ఎక్కి శుక్రవారం పొద్దున్న దిగితే అది శుక్రవారం నైట్. ఇక్కడ ఎక్కిన రోజు పేరు. నా పుర్రెలో ఇంకా జట్టీ లెక్కే నడుస్తోంది. వాడు ఆఫ్ అని, పగలంతా పడుకుని వస్తానని అన్నప్పుడైనా నాకు వెలగలేదు. ఒకే పోర్టులో గోడకి ఇటో రకం అటో రకం ఏమిటో! లెక్కల పరీక్ష మా ఆవిడకి కాదు, నాకు పెట్టాలి.

సంగతి విని వాడు సైకిల్ దిగిపోయాడు. "మరి నాను రెండింటి నుంచి పది దాకా అక్కడే నిలబడాల కదా. ఆ పైని మళ్లీ తెల్లార్లూ అంటే... ఓలమ్మో!"

నేను వెళ్లకపోతే ఎలాగూ ఇరుక్కునేది వాడే. చెప్పకుండా బస్సెక్కేస్తే వాడు చచ్చినట్టు నిలబడతాడన్న పాడు ఆలోచన వచ్చింది. వచ్చిందని ఒప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. వాడి వెనకే పోర్టు గేటు దాకా నడిచాను.

"ఇయాల లక్ష్మివారం రాత్రి పదికెక్కి రేపు శుక్రారం తెల్లారి ఆరింటికి దిగే డూటీ బావా. అదీ నాక్కావలిసింది. మంగళారం ఎలాగూ నీదే. ఈ డబుల్‌కి ఇంకో నైట్ సేత్తాను. ఏ రోజో నువ్వే సెప్పు, నాను ఎందుకని అడగను."

వాడు సైకిల్ గేటు వైపు తిప్పాడు. "ఇన్‌చార్జినడగాల" అని లోపలికి పోయాడు.

గేటు బయట టీ బడ్డీ దగ్గర నిలబడ్డాను. ఇంట్లో ఆవిడ సంచి సర్దుకుని పాపకి జడ వేస్తూ ఉంటుంది. ఏమని చెప్పను? టీ చల్లారిపోయింది, తాగలేదు. లోపల హారన్ మోగినప్పుడల్లా గేటు వైపు చూడటం, ఎవడో లారీవాడు రావడం. బడ్డీవాడు "ఎవురికోసం బాబూ?" అంటే వాడి మీద కసిరాను, పాపం.

చివరికి వాడు గేటు లోపలి నుంచే చెయ్యెత్తాడు.

"ఎల్లిపో బావా. ఒప్పుకున్నారు. మాయింటికాడ ఓ కేకేసి రేత్రికి రానని సెప్పీ. ఇంకోపాలి ఆ నైటు, ఈ నైటు అనకు. ఎప్పుడెక్కాల, ఎప్పుడు దిగాల, అదీ సెప్పు!"

పరుగున వాళ్లింటికి వెళ్లాను. వాడి భార్య చంకలో పిల్లాడితో గుమ్మంలోకి వచ్చింది. చివాట్లు పెడుతుందనుకున్నాను. పెట్టలేదు. "ఏటి పరీచ్చ అన్నయ్యా?" అంది. చెప్పాను. "పెళ్లయినోల్లని కూడా రాయనిత్తారేటి?" అంది. రాయనిస్తారమ్మా అని, బస్సు గొడవలో ఇంకేమీ మాట్లాడకుండా వచ్చేశాను.

మర్నాడు బడి వరండాలో పాపని భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. అది మూతి విరిచినప్పుడల్లా నా ప్రాణం గిలగిల. అక్కడ రెండు షిఫ్టులు వరసగా నిలబడిన మనిషి గుర్తొచ్చి, ఇంత చేసీ ఆవిడ మధ్యలో వచ్చేస్తే వాడికి ముఖమెలా చూపించాలా అనుకున్నాను. ఒక్కొక్కరే బయటికొస్తున్నారు, ఆవిడ కాదు. ఆఖరి గంట కొట్టాక, వేళ్ల నిండా సిరాతో వచ్చింది. "ఏడిసిందా?" అని అడిగింది. నాకే ఏడుపొచ్చింది.

పాసైంది.

మంగళవారం డ్యూటీ చేశాను. నేను బాకీపడ్డ ఆ నైటు మాత్రం వాడు అడగనే లేదు. గుర్తు చేస్తే "సూద్దాం బావా" అనేవాడు. ఏ పండగ పూట మీదపడతాడో అని నాకు లోపల ఒకటే పీకులాట. అలాగే రెండేళ్లు గడిచాయి.

ఒకరోజు మధ్యాహ్నం నాకు చోటు అప్పగిస్తూ, బెల్టు రొదలో నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "బావా, నా నైటు నాకిచ్చీ. పై వారం లచ్చివారం రేత్రి పదికెక్కి, శుక్కురారం తెల్లారి ఆరింటికి దిగేది."

ఎందుకని అడగనని మాటిచ్చాను. సరేనని తలూపాను. వాడే ఆగలేకపోయాడు.

"మాయావిడికి లెక్కల పరీచ్చ. పిల్లాన్నట్టుకుని బయట నాను కూకోవాలంట."