మినీబార్ కాగితంలో జారిపోయిన వాక్యం

నాందేడ్‌లో ఒక హోటల్లో గదులు సర్దే పనికి చేరిన కొత్తలో, మా సూపర్‌వైజర్ మినీబార్, అంటే గదిలో డబ్బుకు తినేవి పెట్టే చిన్న ఫ్రిజ్, చూసే పద్ధతిని మరాఠీలో, తెలుగులో రాయించి గోడకు అంటించింది. నేను పెళ్లయి నిజామాబాద్ వైపు నుంచి వచ్చినదాన్ని, తెలుగే చదవగలను. అతిథి గది ఖాళీ చేస్తున్నారని రిసెప్షన్ ఫోన్ చేస్తే వెంటనే వెళ్లాలి. ఫ్రిజ్‌లోవి జాబితాతో సరిచూసి, తగ్గినవి ఫోన్లో చెప్పాలి. వాళ్లు బిల్లులో కలుపుతారు. తర్వాత కొత్తవి పెట్టాలి.

ఆ రోజు జ్యూస్ డబ్బాలూ చాక్లెట్లూ కనబడలేదు. అలాగే చెప్పాను. కాసేపటికే మళ్లీ ఫోన్ మోగింది. ఆ గదిలో దిగిన పెద్దావిడ ఏమీ ముట్టలేదంటోందట, రైలుకు టైమైపోతోందట. నేను కిందికి పరుగెత్తాను.

“నాకు షుగరుంది బిడ్డా, గవి ఎట్ల తింట? ఫ్రిజ్‌ల ఇన్సులిన్ పెట్టుకుందామని గవి తీసి అల్మారిల పెట్టిన,” అన్నదామె.

మళ్లీ పైకి పరుగెత్తాను. అల్మారా పై అరలో అన్నీ సీలు విప్పకుండానే ఉన్నాయి. రిసెప్షన్ వాళ్లు బిల్లులోంచి వాటిని తీసేశారు. ఆమె ఆటో ఎక్కేదాకా నా కాళ్లు ఒకచోట నిలవలేదు.

సూపర్‌వైజర్ మాతో పనిచేసే ముద్ఖేడ్ అమ్మాయితో మరాఠీ కాగితం చదివించింది. గదంతా వెతికాకే చెప్పాలని అందులో ఉంది. తెలుగులో ఆ వాక్యమే లేదు.

“గిది నీ మాటల్లనే రాయి,” అని నా చేతికి పెన్నిచ్చింది.

“ఫ్రిజ్‌ల లేకుంటే అల్మారి, టేబుల్ చూడాలె. సీలు ఉన్నది దొరికితే బిల్లుకు చెప్పొద్దు,” అని రాశాను.