పట్టుచీర కట్టిన రోజు

ఆఫీసు నుంచి తిన్నగా పూజకు వెళ్లాలి. రికార్డుల గదిలో పనిచేసే ఆవిడ ముందురోజే అన్నీ ఆలోచించుకుంది. సన్న అంచున్న తేలికైన పట్టుచీర, మోచేతుల దాకా జాకెట్టు, కుచ్చిళ్లకు ఇస్త్రీ, పైటను మడతలు పెట్టి భుజం మీద పిన్ను. హారం మాత్రం సంచిలో. నాలుగింటికి బయలుదేరి, పైట మడతలు విప్పి, హారం వేసుకుంటే అత్తగారు కూడా వంక పెట్టలేరు.

ఆ ఆఫీసులో పట్టు కట్టేది ఒక్క పదవీ విరమణ రోజునే అన్న సంగతి ఆవిడకు తట్టలేదు.

మధ్యాహ్నానికి కుర్చీలు వేశారు, మెడలో దండ పడింది. పద్దెనిమిదేళ్లలో పెదవి విప్పి మెచ్చుకోని సూపరింటెండెంటు పావుగంట పొగిడాడు. అంత మంచిమనిషి తనేనా అన్న సందేహంతో ఆవిడ చివరిదాకా వింది.

"నేను ఇలా వచ్చింది పూజకండీ," అంది తర్వాత ఆయనతో.

"ఉపన్యాసం అయ్యాక చెబితే ఎలాగమ్మా?"

"మీరు అంత బాగా చెబుతుంటే అడ్డురాబుద్ధి కాలేదండీ. నాలుగింటికి పంపిస్తారా?"

ఆయన ఉపన్యాసం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "వీడ్కోలు చెప్పిన మనిషిని మళ్లీ కూర్చోబెడితే సభకు మర్యాద ఉండదు. ఇప్పుడే వెళ్లండి. రేపు మాత్రం మామూలు చీరలో రండి, ఎవరూ గుర్తుపట్టరు."

మూడింటికే ఆవిడ గుమ్మం దాటింది, అందరూ చప్పట్లు కొడుతుండగా.