ఉస్తాద్ లతీఫ్ కలపనన్న ఫోటో

సియాల్‌కోట్ బజారులో ఉన్న లతీఫ్ ఫోటో స్టూడియోకి సుగ్రా బీబీ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి ఫోటో పట్టుకొచ్చింది.

"మా ఆయన ఒక్క ఫోటో కూడా దిగకుండానే పోయాడు, ఉస్తాద్‌జీ. ఈయన నుదురు అచ్చం ఆయనదే. పక్కన నన్ను చేర్చండి. తాత ఎలా ఉండేవాడని మనవళ్లు నా ప్రాణం తీస్తున్నారు."

ముసలి లతీఫ్ దాన్ని వెలుతురుకు పట్టి చూశాడు. నీడ ఎడమ చెంప మీద ఉంది. ఆమెనూ అదే వైపు వెలుగులో తీసి, ఆ బొమ్మను బ్లేడుతో కత్తిరించి, అంచును వెనకనుంచి గరుకు కాగితంతో పల్చగా రుద్ది, ఈ ఫోటోలో ఆయన పక్కన అతికించి, అతుకు మీద కుంచె ఆడించి, మళ్లీ ఫోటో తీస్తే చాలు. అలాంటివి వందలు చేశాడు.

"చెయ్యను బీబీ. ఏడాది తిరిగేసరికి మీక్కూడా ఈయనే గుర్తుంటాడు."

"మీకేం తెలుసు!"

"మా పెళ్లి ఫోటోలో మా ఆవిడ మశూచి మచ్చను నెగటివ్ మీద పెన్సిల్‌తో నేనే కప్పేశాను. ఆవిడ పోయాక చూస్తే, అది ఏ చెంప మీద ఉండేదో గుర్తు రావడం లేదు."

"మీకు మచ్చే పోయింది. నాకు మొహమే చెరిగిపోతోంది," అంటూ ఆమె ఫోటోను దుపట్టాలో చుట్టుకుని మెట్లు దిగింది.

పోనీ, ఆయన ఎలా ఉండేవాడో చెప్పమని తాను ఒక్క మాటైనా అడగలేదే అని లతీఫ్‌కు తట్టేసరికి, ఆమె వీధి మలుపు తిరిగిపోయింది. మళ్లీ రాలేదు.