మలుపు దగ్గర రెండు హారన్లు

పొద్దున్నే ముఖం కడుక్కోబోయే ముందు నాన్న వాష్‌బేసిన్ మీది అద్దాన్ని గుడ్డతో తుడుస్తాడు. ఏళ్ల తరబడి బస్సు నడిపిన చెయ్యి కదా, రిటైరైనా ఊరుకోదు. "వెనకెవరైనా ఓవర్‌టేక్ చేస్తున్నారా?" అని అమ్మ ఎత్తిపొడుస్తుంది.

ఆయన అరవయ్యో పుట్టినరోజుకి హాలు మాట్లాడింది బాబాయి. మాట్లాడాల్సింది మాత్రం కూతురు, నలుగురిలో నోరు పెగలని పిల్ల.

"వచ్చినవాళ్లని ముందు పలకరించు. నవ్వించే కథొకటి, మనసుకి పట్టేదొకటి. ఆపైన థ్యాంక్స్. ఎవర్నైనా మర్చిపోయావో, ఏడాదంతా నా బుర్ర తినేస్తారు," అన్నాడు బాబాయి.

పుట్టినరోజు నాడు హాల్లో ఆమె చెప్పిన స్కూటరు కథ బాగానే పండింది. అమ్మని సినిమాకి తీసుకెళ్తూ నాన్న ప్రతి బస్టాపులోనూ బండి ఆపేవాడట. "ఎక్కేవాళ్లెవరూ లేరు, పోనివ్వండి," అనేదట అమ్మ. హాలంతా గొల్లుమంది.

ఇక రెండోది. "సాయంత్రం నాన్న బస్సు మా వీధిలోంచే వెళ్లేది. ఆగేది కాదు. రెండు హారన్లు కొట్టి మలుపు తిరిగేది. నేను మేడమీంచి చెయ్యి ఊపేదాన్ని. మళ్లీ నాన్న ఇంటికొచ్చేది మర్నాడే..."

'అలా నాన్న ఎప్పుడూ మాతోనే ఉన్నాడు' అని ముగించాలనుకుంది. ఆ మాట అనబుద్ధి కాలేదు. ఎక్కడున్నాడని? ఎన్నాళ్లుగానో అడగాలనుకున్నదే బయటికొచ్చేసింది.

"నాన్నా, నేను కనబడేదాన్నా?"

నాన్న తల అడ్డంగా ఊపాడు. "లేదమ్మా. అక్కడ మలుపు. బండి నిండా జనం. తలెత్తితే ఎలా?"

ఆమె మైకు దించేసింది. బాబాయి లేవబోయాడు. ఇంతలో వెనక వరసలోంచి, నాన్నతో అదే రూట్లో తిరిగిన కండక్టరు లేచాడు.

"ఆయన చూళ్లేదు సరే, నన్ను టిక్కెట్లు కొట్టనిచ్చాడా? 'పిల్ల ఉందా? ఏ గౌను? జ్వరం తగ్గినట్టుందా?' అని ప్రాణం తోడేసేవాడు. ఓ రోజు నువ్వు లేవు. పాపం, బెంగపెట్టుకుంటాడని, 'ఉంది, పచ్చగౌను' అనేశా. 'దాన్ని బయల్దేరేముందు నేనే ఉతికి ఆరేశానోయ్, ఇంకా తడే ఆరుండదు' అన్నాడు. డిపో దాకా నాతో మాట్లాడితే ఒట్టు!"

అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. జేబురుమాలు వెతుక్కుంటున్నాడు.

సహోద్యోగులందరికీ కలిపి ఒక్క థ్యాంక్స్ చెప్దామనుకున్నది కాస్తా, ముందుగా కండక్టరుకే చేతులు జోడించింది. "నన్ను నాన్నకి చూపించినందుకు, మావయ్యా." తర్వాత అమ్మకి, బాబాయికి, వచ్చినవాళ్లకి. చివర్న నాన్న వైపు తిరిగింది.

"నువ్వు బస్సాపి దిగొస్తావేమోనని రోజూ చూసేదాన్ని నాన్నా. ఇప్పటికీ హారన్ వినబడితే లేచి నిలబడతాను."

"నాకూ దిగాలనే ఉండేది తల్లీ," అన్నాడాయన, మైకు లేకుండానే.

ఇప్పుడా రూటు బస్సు బైపాస్ మీంచి వెళ్తోంది. అమ్మా నాన్నా అదే ఇంట్లో ఉంటున్నారు. కూతురు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తూ, సెలవు దొరికినప్పుడు వస్తుంది.